సైకిల్ నిలకడ వేగానికి ఎన్ని వాట్లు: నల్లగొండ రోడ్డు మీద కొలతల డైరీ

అక్టోబరు, మొదటి వారం

సమంగా ఉన్న రోడ్డు మీద, గాలి వీయని వేళ, గంటకు 25 కిలోమీటర్ల నిలకడ వేగంతో వెళ్లాలంటే నా కాళ్లు ఎన్ని వాట్ల సామర్థ్యాన్ని ఇవ్వాలి అన్నది ఈ ప్రాజెక్టు ప్రశ్న. పెడల్‌కు బిగించే పవర్ మీటర్ ఈ పని నేరుగా చేసిపెడుతుంది గాని, దాని ధర నా సైకిల్ ధర కంటే ఎక్కువ. అందుకని తొక్కడం ఆపి, సైకిల్ తనంతట తాను ఎంత తొందరగా మందగిస్తుందో కొలిచే పద్ధతిని ఎంచుకున్నాను. నిలకడ వేగంలో ఉన్నప్పుడు పెడల్ ఇచ్చే బలం, రోడ్డూ గాలీ కలిసి వెనక్కి లాగే బలం సరిసమానంగా ఉంటాయి. తొక్కడం ఆపిన క్షణంలో ముందుకు నెట్టే బలం పోయి వెనక్కి లాగే బలం ఒక్కటే మిగులుతుంది కాబట్టి, వేగం తగ్గే తీరును కొలిస్తే ఆ బలం ఎంతో తెలిసిపోతుంది.

వెనక్కి లాగే బలంలో రెండు భాగాలున్నాయి. టైరు నేలను తాకే చోట నొక్కుకుపోయి మళ్లీ పైకి లేచేటప్పుడు రబ్బరులో కొంత శక్తి వేడిగా పోతుంది. ఆ నష్టమే దొర్లుడు నిరోధం. అది మొత్తం బరువును బట్టి ఉంటుంది, వేగంతో పెద్దగా మారదు. రెండవది గాలి నిరోధం, ఇది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లెక్క ఇలా ఉంటుంది:

```
F = Crr*m*g + 0.5*rho*CdA*v^2
P = F*v / 0.95
```

ఇందులో `Crr` టైరు, రోడ్డు జంటను బట్టి ఉండే దొర్లుడు గుణకం. `CdA` అంటే ఎదుటి గాలికి మనిషి, సైకిల్ కలిసి చూపే వైశాల్యాన్ని వాటి ఆకారపు గుణకంతో హెచ్చించిన విలువ. `rho` గాలి సాంద్రత. చివరి 0.95 చైన్, పళ్ల చక్రాలలో పోయే నష్టానికి నేను వేసుకున్న అంచనా. తొక్కకుండా దొర్లించే పరీక్షలో చైన్ పనిచేయదు కాబట్టి దాన్ని ఈ పద్ధతితో కొలవలేము.

గాలి సాంద్రతకు పుస్తకాల్లో కనిపించే 1.225 అన్న అంకె సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల చలికి సంబంధించినది. నల్లగొండ సముద్రమట్టానికి సుమారు 420 మీటర్ల ఎత్తులో ఉంది. తెల్లవారుజామున 25 డిగ్రీల వేడి, గాలిలో తేమ కలుపుకొని లెక్కిస్తే ఘనపు మీటరుకు 1.12 కిలోలు వచ్చింది. ఈ తేడా తొమ్మిది శాతం దాకా ఉంది గనుక పుస్తకపు అంకెను అలాగే వాడుకోవడం కుదరదు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో సాంద్రత 1.05కి దిగుతుంది, గాలి నిరోధం ఇంకో ఆరు శాతం తగ్గుతుంది. అయితే ఆ లాభం కోసం ఆ ఎండలో సైకిల్ తొక్కే మనిషి ఈ జిల్లాలో దొరకడు.

ఎరువుల దుకాణంలోని కాటా మీద నేను, సైకిల్, నీళ్ల సీసా కలిసి 86 కిలోలు తూగాము. ఇక్కడ ఒక చిన్న సవరణ అవసరం. రిమ్ములు, టైర్లు, ట్యూబులు ముందుకు కదలడమే కాక గుండ్రంగా తిరుగుతున్నాయి కూడా. వాటిని ఆపడానికి రెండింతల శ్రమ కావాలి. రెండు చక్రాలకూ కలిపి ఆ భాగాలు సుమారు 2.5 కిలోలు ఉన్నాయి. కాబట్టి వేగం తగ్గే లెక్కలో 88.5 కిలోలు, టైరు మీద పడే బరువు లెక్కలో 86 కిలోలు వాడాలి.

అక్టోబరు, రెండవ వారం

వేగం కొలవడం ఎలా అన్నది అసలు సమస్య. హ్యాండిల్‌కు తగిలించే చవక మీటర్లలో అంకె సెకనుకు ఒకసారి మారుతుంది. నాకు కావలసిన మొత్తం వ్యవధే నాలుగైదు సెకన్లు కాబట్టి దానితో పని జరగదు. ఫోన్‌లోని జీపీఎస్ వేగం కూడా ఒకటి రెండు సెకన్లు వెనకబడి, సగటు చేసి చూపిస్తుంది.

చిన్నప్పుడు సైకిల్‌కు మోటార్‌సైకిల్ చప్పుడు రావాలని చువ్వలకు తగిలేలా అట్టముక్క కట్టేవాళ్లం. ఆ ఏర్పాటునే కొంచెం మార్చాను. ముందు చక్రంలో ఒకే ఒక చువ్వకు ప్లాస్టిక్ ట్యాగ్ బిగించి, దాని తోక ఒక అంగుళం బయటికి ఉండేలా కత్తిరించాను. ఫోర్క్‌కు పల్చని ప్లాస్టిక్ ముక్క కట్టాను. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక్క టక్ మంటుంది. ఫోన్‌ను ఫోర్క్ దగ్గర కట్టి శబ్దం రికార్డు చేసి, ఇంటికి వచ్చాక కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే శబ్దాల సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, ప్రతి టక్కూ సన్నటి ముల్లులా నిలబడి కనిపిస్తుంది. రెండు ముళ్ల మధ్య కాలాన్ని సెకనులో వెయ్యో వంతు దాకా చదవవచ్చు. ప్లాస్టిక్ ముక్క మెత్తగా వంగేదై ఉండాలి. గట్టిదైతే అదే ఒక చిన్న బ్రేక్ అవుతుంది.

చక్రం చుట్టుకొలతను సైకిల్ మీద కూర్చునే కొలవాలి, ఎందుకంటే బరువు పడినప్పుడు టైరు కొంచెం అణిగి చుట్టుకొలత తగ్గుతుంది. వాల్వు కిందికి వచ్చిన చోట సుద్దతో గీత గీసి, మా అక్క కొడుకు సైకిల్‌ను పడిపోకుండా పట్టుకుని నెడుతుండగా ఐదు చుట్లు దొర్లించి టేపుతో కొలిస్తే 10.35 మీటర్లు వచ్చింది. అంటే ఒక చుట్టుకు 2.07 మీటర్లు. ఈ లెక్కన రెండు టక్కుల మధ్య 0.276 సెకను ఉంటే వేగం గంటకు 27 కిలోమీటర్లు, 0.324 అయితే 23, 0.621 అయితే 12, 0.93 అయితే 8.

ఈ నాలుగు వేగాలనే ఎంచుకోవడానికి కారణముంది. 27 నుంచి 23కి దిగేటప్పుడు గాలి నిరోధానిదే పైచేయి, 12 నుంచి 8కి దిగేటప్పుడు దొర్లుడు నిరోధానిది. రెండు చోట్లా బలం తెలిస్తే, ఒకదానిలోంచి ఇంకొకటి తీసివేసి రెండు భాగాలనూ విడదీయవచ్చు. ఒకే వేగం దగ్గర ఎన్నిసార్లు కొలిచినా ఆ విడదీత సాధ్యం కాదు.

అక్టోబరు, మూడవ వారం

మునుగోడు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక బీటీ రోడ్డును పరీక్షకు ఎంచుకున్నాను. ఒక పక్క బత్తాయి తోట, ఇంకో పక్క వరి పొలాలు. గుంతలు లేని తిన్నని భాగం అర కిలోమీటరు దాకా ఉంది. తెల్లవారుతుండగానే వెళ్లాలి, ఎందుకంటే పొద్దెక్కిన కొద్దీ గాలి లేస్తుంది. బయలుదేరే ముందు రెండు చక్రాలనూ పైకెత్తి తిప్పి, బ్రేక్ రబ్బరు రిమ్ముకు ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకోవాలి. కొద్దిగా రాసుకున్నా ఆ బలం వేగంతో మారదు గనుక లెక్కలో అది దొర్లుడు నిరోధం వేషంలో వచ్చి కూర్చుంటుంది, ఆ తర్వాత దాన్ని పట్టుకోవడం కష్టం.

30 దాకా వేగం అందుకుని, పెడళ్లను అడ్డంగా నిలిపి, నడుము నిటారుగా ఉంచి కదలకుండా కూర్చోవాలి. ఒక దిక్కున కొన్నిసార్లు, ఎదురు దిక్కున అన్నేసార్లు దొర్లించి, ఏ దిక్కుకు ఆ దిక్కు సగటు తీశాను. తూర్పుకు వెళ్లేటప్పుడు 27 నుంచి 23కి దిగడానికి 5.1 సెకన్లు, 12 నుంచి 8కి దిగడానికి 13.4 సెకన్లు పట్టింది. పడమరకు వెళ్లేటప్పుడు అవే 4.4, 9.2 సెకన్లు.

"రోడ్డు సమంగనే ఉంది గదా మామా, గింత తేడా ఎట్లొచ్చింది?" అని మా వాడు అడిగాడు. రెండు కారణాలు ఉండవచ్చు. రోడ్డు కంటికి కనిపించనంత తూర్పుకు వాలి ఉండవచ్చు, లేదా పడమటి గాలి సన్నగా వీస్తూ ఉండవచ్చు. ఈ రెంటిలో ఏదో తేల్చుకోకుండా ముందుకు పోతే లెక్క చెడుతుంది, కాని తేల్చే దారి ఈ నాలుగు అంకెల్లోనే ఉంది.

రెండు వ్యవధుల్లోనూ వేగం తగ్గినది గంటకు 4 కిలోమీటర్లే, అంటే సెకనుకు 1.111 మీటర్లు. దాన్ని 88.5తో హెచ్చించి కాలంతో భాగిస్తే బలం వస్తుంది. ఎక్కువ వేగం దగ్గర ఆ బలాలు 19.3, 22.3 న్యూటన్లు, వాటి తేడాలో సగం 1.5. తక్కువ వేగం దగ్గర 7.3, 10.7 న్యూటన్లు, తేడాలో సగం 1.7. వాలు వల్ల వచ్చే బలం బరువును బట్టే ఉంటుంది కాబట్టి ఏ వేగంలోనైనా ఒకేలా కనిపించాలి. గాలి వల్ల వచ్చే తేడా అలా కాదు, అది వేగంతో పాటు పెరుగుతుంది. సెకనుకు ఒక మీటరు గాలి ఉండి ఉంటే ఎక్కువ వేగం దగ్గర సగం తేడా 4 న్యూటన్లు, తక్కువ వేగం దగ్గర 1.6 న్యూటన్లు వచ్చి ఉండేది. నాకు వచ్చినవి 1.5, 1.7, ఇంచుమించు సమానం. కాబట్టి ఇది వాలే. 1.7 న్యూటన్లను మొత్తం బరువు 844 న్యూటన్లతో భాగిస్తే కిలోమీటరుకు 2 మీటర్ల వాలు తేలింది. తర్వాత పొలాల వైపు చూస్తే మళ్లు కూడా తూర్పుకే మెట్టు మెట్టుగా దిగుతున్నాయి, గట్టు కోసిన చోట నీళ్లూ అటే పారుతున్నాయి. కంటికి అందని వాలు రైతుకు ఎప్పుడూ తెలుసు.

ఈ వాలు చిన్నదే గాని, నాకు తేలబోయే దొర్లుడు నిరోధంలో అది దాదాపు నాలుగో వంతు. ఒకే దిక్కున కొలిచి ఊరుకుంటే టైరు విలువ ఆ మేరకు తప్పుతుంది. రెండు దిక్కులా కొలిచినా సగటు తీయడంలో ఒక మెలిక ఉంది: సగటు తీయవలసింది బలాలకు, కాలాలకు కాదు. 13.4, 9.2 సెకన్ల సగటు 11.3 సెకన్లు, దాని నుంచి వచ్చే బలం 8.7 న్యూటన్లు. బలాలను విడివిడిగా తీసి సగటు చేస్తే 9.0. రెండవదే సరైనది, ఎందుకంటే వాలు ఒక దిక్కున కలిపినంత బలాన్నే ఇంకో దిక్కున తీసేస్తుంది. కాలాల విషయంలో అలాంటి సమానత్వం లేదు.

ఇక విడదీత. సగటు బలం 25 దగ్గర 20.8 న్యూటన్లు, 10 దగ్గర 9.0 న్యూటన్లు. కింద `k` అంటే మొదటి లెక్కలోని `0.5*rho*CdA`.

```
v1 = 6.94 m/s,  v1^2 = 48.2,  F1 = 20.8
v2 = 2.78 m/s,  v2^2 = 7.7,   F2 = 9.0
k   = (F1 - F2)/(v1^2 - v2^2) = 0.291
CdA = 2*k/1.12                = 0.52 m^2
Crr = (F2 - k*v2^2)/(86*9.81) = 0.008
```

నిటారుగా కూర్చుని మామూలు సైకిల్ తొక్కే మనిషికి 0.52 సబబైన విలువే. వెడల్పు టైర్లకు గరుకు బీటీ రోడ్డు మీద 0.008 కూడా నమ్మదగినదే.

గాలి గురించి ఇంకొక మాట చెప్పాలి. రెండు దిక్కులా కొలిస్తే గాలి ప్రభావం కూడా వాలు లాగే కొట్టుకుపోతుందని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా పోదు. ఎదురుగాలిలో వేగానికి గాలి కలిపి వర్గం చేస్తాం, వెనుకగాలిలో తీసివేసి వర్గం చేస్తాం. రెండింటి సగటులో గాలి వేగం వర్గం మిగిలిపోతుంది. ఆ మిగులు రెండు వేగాల దగ్గరా ఒకటే కాబట్టి తీసివేతలో `CdA` నుంచి తప్పించుకుని, మొత్తం `Crr`లో చేరుతుంది. రోడ్డు వెంబడి సెకనుకు 2 మీటర్ల గాలి ఉంటే అది 1.2 న్యూటన్లు, అంటే మంచి టైరును చెడ్డ టైరుగా చూపించడానికి సరిపోయేంత. ఆకు కదలని వేళ కోసం తెల్లవారుజామునే లేవడం ఇందుకే.

అక్టోబరు చివర

ఇప్పుడు అసలు ప్రశ్నకు జవాబు రాయవచ్చు. గంటకు 25 కిలోమీటర్ల దగ్గర గాలికి 97, టైర్లకు 47, మొత్తం చక్రం దగ్గర 144 వాట్లు. చైన్ నష్టం కలిపితే కాళ్లు ఇవ్వవలసింది సుమారు 152 వాట్లు. వేగం 20కి తగ్గిస్తే కాళ్ల మీద పడేది 92 వాట్లే. 30కి పెంచితే 237. ఐదు కిలోమీటర్ల వేగం పెంచడానికి మొదటిసారి 60 వాట్లు అడిగిన సైకిల్, రెండవసారి 85 వాట్లు అడుగుతోంది. గాలి బలం వేగం వర్గాన్ని బట్టి, దానికి కావలసిన సామర్థ్యం వేగం ఘనాన్ని బట్టి పెరగడమే దీనికి కారణం. నా సైకిల్ మీద గాలి, టైర్లు సరిసమానంగా లాగేది గంటకు 17 కిలోమీటర్ల దగ్గర. అంతకు తక్కువ వేగంతో పొలానికి పోయి వచ్చేవాళ్లకు టైరులో గాలి కొట్టడం ముఖ్యం, అంతకు మించి పోయేవాళ్లకు ఒంటిని వంచడం ముఖ్యం.

ఈ అంకెలు నిజమో కాదో సరిచూడడానికి వేరే దారి కావాలి. కొలిచిన పద్ధతినే మళ్లీ వాడితే అది సరిచూడడం కాదు. నిలకడ వాలు మీద దొర్లే సైకిల్‌కు ఆ వాలే పవర్ మీటర్. వేగం పెరగకుండా, తరగకుండా నిలిచిన చోట భూమి లాగే బలం, నిరోధం సమానమవుతాయి, భూమి ఆకర్షణ ఎంతో మనకు ఖచ్చితంగా తెలుసు.

దేవరకొండ వైపు ఒక పక్క రోడ్డులో 300 మీటర్ల దిగుడు దొరికింది. దాని వాలు కొలవడానికి తెలిసిన మేస్త్రీ దగ్గర లెవెల్ పైపు అడిగి తెచ్చాను. ఇళ్ల పునాదులకు వాడే ఆ తెల్లటి పైపులో నీళ్లు నింపి, బుడగలు లేకుండా చూసుకుని, రెండు కొసలూ రెండు కర్రలకు ఆనించి, నీటి మట్టాల తేడా చదవాలి. "రోడ్డుకు లెవెల్ పడతరా సారూ ఎవరన్నా?" అని మేస్త్రీ నవ్వాడు గాని, కర్రను నిట్టనిలువుగా పట్టుకోకపోతే చదివింది పనికిరాదని రెండుసార్లు చెప్పి మరీ పంపాడు. పది మీటర్లకు ఒకసారి చొప్పున దిగుడంతా కొలిస్తే ప్రతి ముక్కకూ 23 నుంచి 27 సెంటీమీటర్ల దాకా వచ్చింది, మొత్తం 7.5 మీటర్లు. అంటే నూటికి రెండున్నర వాలు.

దిగే ముందే కాగితం మీద లెక్క వేసుకున్నాను. 844 న్యూటన్ల బరువు మీద రెండున్నర శాతం వాలు 21.1 న్యూటన్లతో ముందుకు లాగుతుంది. అందులో టైర్లకు 6.75 పోతే మిగిలిన 14.3 గాలికి. దాని నుంచి తేలే నిలకడ వేగం సెకనుకు 7 మీటర్లు, గంటకు 25.3 కిలోమీటర్లు.

ఇక్కడ ఓపిక కావాలి. సైకిల్ నిలకడ వేగాన్ని వెంటనే అందుకోదు. వేగం తేడా మూడో వంతుకు తగ్గడానికే ఇరవై సెకన్ల పైన, అంటే 150 మీటర్లు పడుతుంది. ఈ దిగుడు అందుకు రెండు రెట్లే ఉంది. అందుకని పై నుంచి ఒకసారి 28 వేగంతో, ఇంకోసారి 22 వేగంతో వదిలి, కింద చివరి టక్కుల మధ్య కాలం చదివాను. వేగంగా వదిలినప్పుడు కింద 25.9 ఉంది, మెల్లగా వదిలినప్పుడు 24.9. అసలు నిలకడ వేగం ఈ రెండింటి మధ్యే ఉండాలి, లెక్కలో వచ్చిన 25.3 అక్కడే ఉంది. అంటే ఆ దిగుడులో భూమి నాకు 21.1 న్యూటన్లను సెకనుకు 7 మీటర్ల చొప్పున, సుమారు 148 వాట్లు ఇచ్చిందన్నమాట. సమతలం మీద ఆ వేగానికి చక్రం దగ్గర నేను ఇవ్వవలసింది కూడా అంతే.

నవంబరు, మొదటి వారం

విలువలు నమ్మకంగా ఉన్నాయి కాబట్టి రెండు మార్పులు చేసి అదే బీటీ రోడ్డు మీద కొలిచాను. మొదటిది టైరులో గాలి. ఇప్పటిదాకా కొలతలన్నీ 40 పీఎస్ఐ దగ్గరివి. టైరు పక్క గోడ మీద అచ్చువేసిన పరిమితి లోపలే ఉంటుందని చూసుకుని 60కి పెంచితే `Crr` 0.008 నుంచి 0.0065కి దిగింది. గంటకు 25 వేగం దగ్గర అది చక్రం దగ్గర 9 వాట్ల ఆదా. రెండవది కూర్చునే తీరు. మోచేతులు వంచి, ఛాతీని హ్యాండిల్ వైపు దించితే `CdA` 0.43కి తగ్గింది, అదే వేగం దగ్గర 17 వాట్ల ఆదా. కాని మొదటి ఆదా రోజంతా ఉంటుంది, రెండవది నా నడుము ఒప్పుకున్నంతసేపే ఉంటుంది. ఇంకా గాలి కొడితే ఇంకా తగ్గుతుందని కూడా అనుకోకూడదు. మా బీటీ రోడ్డు మీద కంకర తేలిన చోట్ల గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, ఆ కుదుపులో పోయే శక్తి టైరులో మిగిలినదాన్ని తినేస్తుంది.

మిగిలినది సాయంత్రపు గాలి లెక్క. నడుము నిటారుగా, 40 పీఎస్ఐ టైర్లతో గంటకు 20 వేగం అనుకుందాం. గాలి లేనప్పుడు చక్రం దగ్గర 87 వాట్లు చాలు. సెకనుకు 2 మీటర్ల ఎదురుగాలి ఉంటే అదే వేగానికి 130 వాట్లు, అంతే గాలి వెనక నుంచి వస్తే 58. పోయేటప్పుడు 43 ఎక్కువ, వచ్చేటప్పుడు 29 తక్కువ. పోను రాను గాలి ఎప్పుడూ కొంత తన దగ్గరే ఉంచుకుంటుంది. వాతావరణ కేంద్రాలు చెప్పే గాలి వేగం పది మీటర్ల ఎత్తులోనిది, నేలకు మీటరున్నర ఎత్తున సైకిల్ మీది మనిషికి తగిలేది దానికంటే చాలా తక్కువ. పొలాల మధ్య ఎంత తక్కువో, ఊరి ఇళ్ల మధ్య ఎంత తక్కువో చెప్పే ఒకే అంకె లేదు. కాబట్టి తర్వాతి పని, ఒకే సాయంత్రం రెండు దిక్కులా దొర్లించి, ఎక్కువ వేగం దగ్గరి సగం తేడాలోంచి ఈ రోడ్డు వాలుకు చెందిన 1.7 న్యూటన్లను తీసేసి, మిగిలినదాని నుంచి నాకు తగిలే గాలి వేగాన్ని రాబట్టడం.